నా పరిచయం మీద ఉన్నదున్నట్టు చెప్పమని స్నేహితుడికి ఉత్తరం రాశాను, ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయా?

కిమిడి_శ్రీను (పర్లాకిమిడి) – సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒడియా కథలు తెలుగులోకి చేస్తున్నానని ఇదివరకు ఇక్కడ ఒకసారి రాశాను. అవి పుస్తకంగా వస్తున్నాయి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాటికి తేవాలని ప్రచురణకర్త ఆలోచన. వెనక అట్ట మీద వేయడానికి నా పరిచయం అడిగారు. రాశాను. వాట్సాప్‌లో ఐదుగురికి పంపి "చూసి చెప్పండి" అన్నాను. మూడు బొటనవేళ్లు, ఒక "సూపర్ అన్నా", ఒక దండం బొమ్మ వచ్చాయి. వాళ్లు చదివారో లేదో కూడా తెలియలేదు.

అందుకే చిన్నప్పటి స్నేహితుడు రాజుకి విడిగా ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. వాడు ఇప్పుడు పలాసలో ఉంటున్నాడు. మొహమాటం లేని మనిషే, కానీ నా విషయంలో కొంచెం మెత్తబడతాడు. పరిచయం, ఉత్తరం రెండూ కింద పెడుతున్నాను. నాకు సలహా కావాల్సింది ఉత్తరం మీద.

పరిచయం:

> గిడుగు రామమూర్తి పంతులు గారు నడయాడిన పవిత్ర నేల పర్లాకిమిడిలో జన్మించిన శ్రీ శ్రీనివాస్ గారు బాల్యం నుంచే సాహిత్యం పట్ల ఎనలేని మక్కువతో కలం పట్టారు. ఒడియా, తెలుగు భాషల మధ్య సాహితీ వారధిగా నిలిచి అనేక కథలను అనువదించారు. వీరి అనువాదాలు పలు పత్రికల్లో ప్రచురితమై పాఠకుల విశేష ఆదరణ పొందాయి. పలు సంస్థల నుండి పురస్కారాలు అందుకున్న వీరు వృత్తిరీత్యా స్వయం ఉపాధిలో ఉన్నారు.

ఉత్తరం:

> రాజూ, నా పరిచయం పంపుతున్నాను. నిర్మొహమాటంగా చెప్పు. ఎలా ఉంది? భాష బాగుందా? మొదటి వాక్యం కొంచెం ఎక్కువైంది కదా? ఏమైనా కలపాలా, తీసేయాలా? నీ అభిప్రాయం నాకు చాలా ముఖ్యం.

---

బరంపురం_మూర్తి – సోమవారం, రాత్రి 10:05

శ్రీనుబాబూ, శుభం. కానీ ఇందులో ఎత్తు, గోత్రం, నక్షత్రం ఏవీ లేవు. అమ్మాయి వాళ్లు ముందు చూసేది అవే. మా రెండో అమ్మాయికి ఈమధ్యే రాయించాం, కావాలంటే ఆ నమూనా పంపుతాను. స్వయం ఉపాధి అంటే ఏమిటో వివరంగా రాయండి, ఆదాయం అడుగుతారు.

---

కిమిడి_శ్రీను – సోమవారం, రాత్రి 10:11

మూర్తి గారూ, ఇది పెళ్లికి కాదండీ, పుస్తకం అట్టకి. నాకు ఇద్దరు పిల్లలు.

---

జయపురం_బుజ్జి – సోమవారం, రాత్రి 10:30

పరిచయం బాగానే ఉంది బ్రదర్. గారు, వీరు అని ప్రథమ పురుషలో రాశావు, అదే పద్ధతి. "నేను" అని మాత్రం ఎక్కడా రాయకూడదు. ఉత్తరం విషయానికొస్తే, ఇన్ని ప్రశ్నలెందుకు? "పదికి ఎన్ని మార్కులు వేస్తావు?" అని ఒక్కటి అడుగు. ఆరు వేస్తే మార్చు, ఎనిమిది వేస్తే వదిలెయ్. మా ఆఫీసులో ట్రైనింగ్ అయ్యాక ఫారం ఇస్తారు, దాంట్లో అలాగే ఉంటుంది.

---

రాయగడ_లక్ష్మి – మంగళవారం, ఉదయం 6:50

శ్రీను గారూ, నేను పద్దెనిమిదేళ్లు ఒక పత్రికలో పని చేశాను. రచయితలు తమ గురించి తాము రాసుకున్నవి వందల కొద్దీ చదివి, కత్తిరించి, మళ్లీ వాళ్లకే చూపించి, కొందరితో మాటలు పడ్డాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఉత్తరం. మీరడిగిన ప్రశ్నలన్నీ మీ స్నేహితుణ్ణి జడ్జి కుర్చీలో కూర్చోబెడుతున్నాయి. "ఎలా ఉంది" అంటే వాడు తీర్పు చెప్పాలి. చిన్నప్పటి స్నేహితుడి మీద తీర్పు ఎవరు చెబుతారు? "బాగుంది" అని బయటపడతాడు. బుజ్జి గారు చెప్పిన మార్కులూ అదే తీర్పు, అంకెల్లో. ఏడు వేశాడనుకోండి, ఆ పోయిన మూడు ఎక్కడ పోయాయో మీకెలా తెలుస్తుంది?

తీర్పు అడగకండి, చదువుతుంటే ఏం జరిగిందో అడగండి. ఏం గుర్తుంది, ఎక్కడ కళ్లు జారిపోయాయి, ఎక్కడ ఆగి రెండోసారి చదవాల్సి వచ్చింది. వీటికి జవాబు చెప్పడానికి మొహమాటం అడ్డురాదు, ఎందుకంటే మిమ్మల్ని ఏమీ అనక్కర్లేదు, తన సంగతి తాను చెబితే చాలు. "మూడో వాక్యం నాకు గుర్తులేదు" అనడం సులువు, "మూడో వాక్యం చెత్తగా ఉంది" అనడం కష్టం. మీకు ఆ రెంటివల్లా తెలిసేది ఒకటే.

"మొదటి వాక్యం కొంచెం ఎక్కువైంది కదా?" అన్నది ఇంకో రకం చిక్కు. జవాబు మీరే చెప్పేశారు. వాడు "అవును కొంచెం" అంటాడు, అక్కడితో బాధ్యత తీరిపోతుంది, మిగతా మూడు వాక్యాల జోలికి పోడు.

ఇంకొకటి. ఇది ఎక్కడ అచ్చవుతుంది, ఎవరు చదువుతారు, ఎన్ని లైన్లు ఇచ్చారు అన్నది ఉత్తరంలో ఎక్కడా లేదు. అది తెలియకపోతే వాడు దేనితో పోల్చి చూడాలి?

---

కాశీబుగ్గ_రమణ – మంగళవారం, ఉదయం 8:15

లక్ష్మి గారి మాట బాగుంది, కానీ ఒకచోట ఒప్పుకోను. మన లోపం మనమే ముందు చూపిస్తే అవతలివాళ్లకి ధైర్యం వస్తుంది. నేను హరికథలకి మృదంగం వాయిస్తాను. ఊళ్లో కుర్రాళ్లని "ఎలా ఉందిరా" అంటే "అదిరింది" అంటారు. "రెండో కీర్తనలో నా నడక పరిగెత్తింది, గమనించారా?" అంటే అప్పుడు నోళ్లు లేస్తాయి, "అవును, ఇంకోచోట కూడా" అంటారు.

ఇంకో సంగతి చెప్పాలి. బుజ్జి గారు "నేను" వద్దన్నారు కదా, నా అనుభవం వినండి. ఒక ఉత్సవ కమిటీ నా పరిచయం అడిగితే, "నేను మృదంగం నేర్చుకున్నది మా మేనమామ దగ్గర" అని రాసిచ్చాను. వేదిక మీద యాంకర్ అమ్మాయి కాగితం తీసి ఉన్నదున్నట్టు చదివేసింది. "నేను మృదంగం నేర్చుకున్నది..." అనగానే జనం ఘొల్లుమన్నారు. ఆ పిల్ల తప్పు లేదు. ఆ కాగితం ఎవరి నోటి వెంట వస్తుందో నేను ఆలోచించలేదు.

---

జయపురం_బుజ్జి – మంగళవారం, ఉదయం 8:40

చూశారా, నేను చెప్పిందే కదా. ప్రథమ పురుష.

---

రాయగడ_లక్ష్మి – మంగళవారం, ఉదయం 11:20

బుజ్జి గారిది సగం నిజం. వేరేవాళ్లు పైకి చదివేదైతే "నేను" కుదరదు, రమణ గారి కథే సాక్ష్యం. కానీ శ్రీను గారిది అట్ట మీద అచ్చయ్యేది. అక్కడ "నేను" ఉన్నా ఎవరూ నవ్వరు.

అయితే ప్రథమ పురుషలో తెలుగుకి ఒక ఇబ్బంది ఉంది. మన క్రియలోనే గౌరవం కూర్చుని ఉంటుంది. "అనువదించారు" అంటే తనకు తానే గారు తగిలించుకున్నట్టు. "అనువదించాడు" అంటే ఎవరో చిన్నచూపు చూసినట్టు. పత్రికకి వచ్చే పరిచయాల్లో ఈ ఇరకాటం రోజూ చూసేదాన్ని. పేరు కింద సంతకం ఆయనదే, పైన శ్రీ, గారు, వీరు అన్నీ ఆయన చేత్తో రాసినవే. చదివేవాడికి తెలిసిపోతుంది అది ఎవరు రాశారో.

నేను వాడే ఉపాయం ఏమిటంటే, మనిషిని కర్తగా పెట్టకుండా వాక్యం కట్టడం. "పుట్టింది ఫలానా ఊళ్లో. చదివింది ఒడియా మీడియంలో. మొదటి అనువాదం అచ్చయింది ఫలానా ఏడాది." ఇందులో ఆయన లేడు, వాడు లేడు, నేను లేను. అట్ట మీద అచ్చు వేయొచ్చు, మైకులో పైకి చదవొచ్చు. అన్ని వాక్యాలూ అలాగే నడిస్తే ఫారం నింపినట్టు ఉంటుంది, కాబట్టి మధ్యలో ఒకటీ అరా వేరేగా తిప్పాలి.

రమణ గారూ, లోపం ముందు చూపించడం గురించి మీతో నాకు పేచీ. వాయిద్యంలో అది కుదురుతుందేమో, అక్కడ విన్నవాళ్లకి అప్పటికే అంతా చెవిలో ఉంది. రాతలో మాత్రం ఆ లోపం చూపించి పంపితే వాళ్లు దాన్నే చూస్తూ చదువుతారు. ముందు వాళ్ల జవాబు రానివ్వాలి, ఆ తర్వాత మన అనుమానం చెప్పాలి.

---

కాశీబుగ్గ_రమణ – మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఏమో అమ్మా. మా కుర్రాళ్లయితే నేను నోరు తెరిస్తేనే తెరుస్తారు.

---

కిమిడి_శ్రీను – మంగళవారం, రాత్రి 10:20

లక్ష్మి గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. శ్రీ, గారు రెండూ నేనే పెట్టుకున్నానన్న సంగతి ఇప్పుడే తట్టింది. కొంచెం సిగ్గేసింది.

పరిచయం మాత్రం ముట్టుకోలేదు, రాజు పాతదే చదవాలి. ఉత్తరం మార్చాను. ప్రచురణకర్తని అడిగితే "ఎనభై పదాలు" అన్నారు. మన తెలుగులో ఎనభై పదాలంటే ఎంతో నాకు అర్థం కాలేదు, ఒక్కో పదం రైలు పెట్టెల్లా అతుక్కుని ఉంటుంది కదా. లైన్లలో చెప్పమంటే అట్ట మీద పది లైన్లు పడతాయన్నారు. అది మేలు.

కొత్త ఉత్తరం:

> ఒరేయ్ రాజూ,
>
> పుస్తకం వెనక అట్టకి నా గురించి పది లైన్లు అడిగారు. కింద పెట్టాను. దీన్ని చదివేది నన్నెప్పుడూ చూడని తెలుగు పాఠకుడు. విజయవాడలోనో హైదరాబాదులోనో పుస్తకాల షాపులో నిలబడి, అట్ట తిప్పి చూస్తాడు. అతనికి ఒక్క విషయంలో నమ్మకం కలగాలి: ఈ మనిషికి ఒడియా నిజంగా వచ్చు, తెలుగూ వచ్చు.
>
> అచ్చుతప్పులు చూడకు, అవి ప్రెస్‌లో చూస్తారు. ఒక్కసారి చదివి ఫోను బోర్లా పెట్టు. మొదటి ప్రశ్నకి మళ్లీ చూడకుండా చెప్పు.
>
> 1. చదివాక నీకు గుర్తున్నవి ఏమిటి? ఎన్ని గుర్తుంటే అన్నే చెప్పు.
>
> 2. ఇప్పుడు మళ్లీ చూడు. ఎక్కడ చదవకుండా కళ్లు కిందికి జారిపోయాయి?
>
> 3. మన స్టేషన్ రోడ్డు టీ కొట్టు దగ్గర నేను దీన్ని గట్టిగా చదివితే మనవాళ్లు ఏ మాటకి నవ్వుతారు?
>
> 4. నువ్వు నన్ను ఆరో తరగతి నుంచి చూస్తున్నావు. ఇందులో అబద్ధం గానీ, ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పింది గానీ ఏది?
>
> 5. నా గురించి నీకు తెలిసి, ఇందులో లేనిది ఒకటి చెప్పు.
>
> ఆదివారం రాత్రిలోపు కావాలి. రాయక్కర్లేదు, వాయిస్ మెసేజ్ పెట్టు చాలు. నువ్వేం చెప్పినా "అది ఎందుకు రాశానంటే" అని వివరణ ఇవ్వను. థాంక్స్ చెప్పి ఊరుకుంటాను.

---

రాయగడ_లక్ష్మి – బుధవారం, ఉదయం 7:10

ఇది పంపండి. మూడో ప్రశ్న నాకు తట్టేది కాదు, నేను దాచుకుంటున్నాను. నవ్వేది వాడు కాదు, టీ కొట్టు దగ్గర జనం. ఆ జనం వెనక నిలబడి వాడు ఏదైనా అనొచ్చు.

నాలుగు, ఐదు మీ స్నేహితుడు ఒక్కడే చెప్పగలడు, అవి వదులుకోకండి. కానీ ఒక పని వాడివల్ల కాదు. పరిచయం అర్థమైందా లేదా అన్నది వాడు చెప్పలేడు. మీ ఊరు తెలుసు, మీ పని తెలుసు, రాయకుండా వదిలేసినవి వాడి బుర్ర తనంతట తానే పూరించేసుకుంటుంది. దానికి మిమ్మల్ని ఎరగని మనిషి ఒకరు కావాలి. వాళ్లకి ఐదు ప్రశ్నలు వద్దు. "ఈ మనిషి ఎవరు, ఏం చేస్తాడు, నాకు చెప్పండి" అని ఒక్కటి.

చిన్న సంగతి ఒకటి: పరిచయం మెసేజ్‌లోనే అతికించి పంపండి. డీటీపీలో అను ఫాంట్లతో చేసిన ఫైలు పంపితే ఫోన్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి, "ఓపెన్ అవలేదురా" అన్న జవాబుతో వారం పోతుంది.

---

జయపురం_బుజ్జి – బుధవారం, ఉదయం 9:00

ఎరగని మనిషి కావాలంటే మా బావమరిది గుంటూరులో ఉన్నాడు. కథలూ గిథలూ బాగా చదువుతాడు. పర్లాకిమిడి ఎక్కడుందో కూడా తెలియదనుకుంటా. నెంబరు మెసేజ్‌లో పంపిస్తాను.

---

బరంపురం_మూర్తి – బుధవారం, ఉదయం 9:25

క్షమించాలి శ్రీనుబాబూ, మొన్న పొరపాటు పడ్డాను. అయినా ఒక మాట. ఊరి పేరు ప్రభుత్వ రికార్డుల్లో పరళాఖెముండి అని ఉంటుంది. అట్ట మీద పర్లాకిమిడి అని వేస్తే రేపు ఎవరైనా అడగరా? మా అమ్మాయి కాగితాల్లో బరంపురం, బ్రహ్మపూర్ రెండూ ఉండి ఎన్ని తిప్పలు పడ్డామో.

---

కాశీబుగ్గ_రమణ – బుధవారం, ఉదయం 10:00

అట్టకి రికార్డుతో పనేముందండీ. పర్లాకిమిడి అంటేనే తెలుగువాడికి చెవిన పడుతుంది. గిడుగు వారి పేరుతో పాటు విన్న ఊరు అది.

---

కిమిడి_శ్రీను – సోమవారం, రాత్రి 9:15

రాజు నిన్న రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏడు నిమిషాలు. భోజనం దగ్గర విన్నాను, ముద్ద దిగలేదు. వాడి మాటల్లోనే రాస్తున్నాను, తిట్లు తీసేశాను.

మొదటిదానికి: "గుర్తున్నది గిడుగు పంతులు గారు. పర్లాకిమిడి. ఇంకేట్రా... వారధి. నువ్వు గుర్తులేవు."

రెండోదానికి: "పలు అన్నచోటల్లా జారిపోయాను. పలు పత్రికలు, పలు సంస్థలు. ఏ పత్రిక, ఎన్ని? నాకే తెలీదు, షాపులో నిలబడ్డోడికేం తెలుస్తాది?"

మూడోదానికి వాడు ముందు నవ్వాడు, తర్వాత చెప్పాడు: "శ్రీ శ్రీనివాస్ గారు. కొట్టు బాబాయి నీకు అప్పు పుస్తకం తెచ్చి చూపిస్తాడు. ఇంకోటి చెప్పనా, గిడుగు వారు మాట్లాడే తెలుగులో రాయండ్రా అని జీవితమంతా పోరాడారు కదా. ఆయన పేరు చెప్పుకుని నడయాడిన, ఎనలేని, ప్రచురితమై అని రాశావు. ఆయనే చదివితే ఏమంటారు?"

ఇది నాకు గట్టిగా తగిలింది. ఆయన ఇక్కడ బళ్లో పాఠాలు చెప్పారు, కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకున్నారు. ఆ పేరు పెడితే నాకూ కొంత బరువు వస్తుందనుకున్నాను. పాఠకుడికి ఆయన ఒక్కరే గుర్తుండిపోతారని అనుకోలేదు.

నాలుగోదానికి: "పురస్కారాలు ఎక్కడివిరా? మన స్కూలు వార్షికోత్సవంలో ఇచ్చిన స్టీలు గ్లాసా?" నిజానికి ఒక సంఘం వాళ్లు శాలువా కప్పారు, ఒక్కసారి. అది పలు సంస్థలు ఎలా అయ్యాయో నాకే తెలియదు. "బాల్యం నుంచే కలం పట్టావా? తొమ్మిదో తరగతి దాకా నీకు తెలుగు అక్షరాలే రావు. మనది ఒడియా మీడియం. మా అమ్మ పాత వారపత్రికలు ముందేసుకుని నీకు అ ఆ లు దిద్దించింది, మర్చిపోయావా?"

ఐదోదానికి: "నీ బల్ల. తహసీల్ ఆఫీసు ముందు చింతచెట్టు కింద నువ్వు వేసుకునే బల్ల. పద్నాలుగేళ్లుగా ఒడియా చదవడం రాని తెలుగోళ్లకి అర్జీలు రాసిపెడుతున్నావు. వాళ్లు తెలుగులో ఏడుస్తారు, నువ్వు ఒడియాలో రాస్తావు. అంతకంటే అనువాదం ఏటుంటాది? దాన్ని స్వయం ఉపాధి అన్నావు."

మాటిచ్చాను కాబట్టి థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. నోరు మూసుకోవడమే కష్టమైంది, శాలువా సంగతి చెప్పాలని వేళ్లు లాగాయి.

ఇప్పుడు అడిగేదేమిటంటే, బల్ల సంగతి రాయాలా? ఇంట్లో మా ఆవిడ వద్దంటోంది. "పుస్తకం రాసినవాడు చెట్టు కింద అర్జీలు రాస్తాడంటే నవ్వరా" అంటోంది. నాకూ మనసులో అదే ఉంది, అందుకే స్వయం ఉపాధి అని రాశాను.

---

జయపురం_బుజ్జి – సోమవారం, రాత్రి 9:50

బల్ల ఓకే. తొమ్మిదో తరగతి సంగతి మాత్రం వద్దు బ్రదర్. పదిహేనేళ్లకి అక్షరాలు నేర్చుకున్నవాడి తెలుగు ఎలా ఉంటుందో అని పుస్తకం కింద పెట్టేస్తారు. నీ ఉత్తరంలో నువ్వే రాశావుగా, తెలుగు వచ్చని నమ్మకం కలగాలని.

---

రాయగడ_లక్ష్మి – మంగళవారం, ఉదయం 7:30

బల్ల గురించి నాకు అనుమానమే లేదు. పాఠకుడికి కావలసిన నమ్మకం అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. రోజూ రెండు భాషల మధ్య కూర్చునే మనిషి అని తెలిశాక, వారధి అన్న మాట ఎవరికి కావాలి? అయితే "కష్టపడి పైకొచ్చాడు" అన్న జాలి వాసన రాకుండా రాయాలి. చింతచెట్టు తీసేయండి. బల్ల, ఆఫీసు, అర్జీలు, ఏళ్లు. అంతే.

మీ ఆవిడ మాట తోసేయమని నేను చెప్పను. పేరు మీదైనా, ఆ ఊళ్లో తలెత్తుకుని తిరగాల్సింది ఆవిడ కూడా. రాసినది ఆవిడకే చదివి వినిపించండి, "రాయనా వద్దా" అని మాత్రం అడగకండి. ఏ మాట ఇబ్బందిగా ఉందో అడగండి.

తొమ్మిదో తరగతి విషయంలో బుజ్జి గారి భయం ఉత్తది కాదు. నాకైతే అది చదవగానే మనిషి కనిపించాడు. కానీ నేను సరిహద్దు మనిషిని, మన ఇళ్లలో ఇది మామూలే. గుంటూరు పాఠకుడు ఏమనుకుంటాడో నేను చెప్పలేను.

---

కిమిడి_శ్రీను – గురువారం, రాత్రి 10:45

కొత్తది రాశాను.

> పుట్టింది, పెరిగింది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది తొమ్మిదో తరగతిలో, స్నేహితుడి వాళ్లమ్మ దగ్గర, పాత వారపత్రికల మీద. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని, తహసీల్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని ఒడియా రాని తెలుగువాళ్లకు అర్జీలు రాసిపెట్టడం. కథల అనువాదం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఇప్పటికి పదకొండు కథలు పత్రికల్లో వచ్చాయి. ఇది మొదటి పుస్తకం.

బుజ్జి వాళ్ల బావమరిదికి పంపి, లక్ష్మి గారు చెప్పినట్టు "ఈ మనిషి ఎవరు, ఏం చేస్తాడు" అని అడిగాను. ఆయన జవాబు: "శ్రీకాకుళం వైపు ఏదో ఊరు. తహసీల్దారు ఆఫీసులో ఉద్యోగం. కథలు అనువాదం చేస్తాడు."

రెండు తప్పులు. ఊరు ఒడిశాలో ఉందని ఎక్కడా రాయలేదు, ఆయన ఆంధ్రలోనే అనుకున్నాడు. 1936లో ఊరు ఒడిశాలో కలిసిందన్న సంగతి మనకి పుట్టుకతో తెలుసు, ఆయనకెందుకు తెలుస్తుంది? ఇక బల్ల ఆఫీసు లోపల ఉందనుకున్నాడు. రాజుకి ఈ రెండూ తట్టే అవకాశమే లేదు, వాడు ఆ బల్ల మీద కూర్చుని టీ తాగినవాడు.

---

రాయగడ_లక్ష్మి – శుక్రవారం, ఉదయం 6:40

ఇంకో మెలిక కూడా ఉంది చూడండి. అర్జీలు ఏ భాషలో రాస్తారో మీరు చెప్పలేదు. "ఒడియా రాని తెలుగువాళ్లకు" అన్నారు, "ఒడియాలో" అన్న మాట పడలేదు. మనకి తెలుసు కాబట్టి కనిపించలేదు. నేనూ మొదటిసారి దాటిపోయాను.

---

కిమిడి_శ్రీను – శుక్రవారం, రాత్రి 9:30

మార్చాను. "పుట్టింది, పెరిగింది ఒడిశాలోని పర్లాకిమిడిలో." ఇంకోచోట "తహసీల్ ఆఫీసు బయట సొంతంగా బల్ల వేసుకుని, ఒడియా రాని తెలుగువాళ్లకు ఒడియాలో అర్జీలు రాసిపెట్టడం." లైన్లు చూస్తే తొమ్మిదిన్నర వచ్చాయి.

మా ఆవిడకి చదివి వినిపించి, ఏ మాట ఇబ్బందిగా ఉందని అడిగాను. బల్ల అన్నచోట ఏమీ అనలేదు. "వాళ్లమ్మ అన్నావు, ఆవిడ పేరు పెట్టొచ్చుగా" అంది. రాజుకి ఫోన్ చేసి అడిగాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మని అడిగి చెబుతానన్నాడు.

తొమ్మిదో తరగతి వాక్యం ఇంకా ఉంచాలా వద్దా తేలలేదు. గుంటూరాయన్ని దాని గురించి అడిగితే "అది చదివాకే మొదటి కథ తెరవాలనిపించింది" అన్నారు. ప్రచురణకర్త మాత్రం బుజ్జిలాగే అంటున్నారు, తీసేస్తే మంచిదని. ఒకటికి ఒకటి. సోమవారం ఫైలు పంపాలి.

---

జయపురం_బుజ్జి – శుక్రవారం, రాత్రి 9:42

మా బావమరిది ఎప్పుడూ నాకు వ్యతిరేకమే బ్రదర్, ఆ ఓటు లెక్కేయకు.

---

బరంపురం_మూర్తి – శుక్రవారం, రాత్రి 10:10

శ్రీనుబాబూ, మీ ఐదో ప్రశ్న మా అమ్మాయి స్నేహితురాలిని అడిగాను. "మీ కాగితంలో నక్షత్రం ఉంది గానీ, అది స్కూటీ మీద కోరాపుట్ ఘాట్ ఎక్కి వచ్చిందన్న సంగతి లేదేంటి అంకుల్" అంది. నాకు ఆ సంగతే తెలియదు. ఇంట్లో ఇప్పుడు వేరే గొడవ నడుస్తోంది.